ఇంటిపేరులో ఉన్న ఊరిని చదవడం ఎలా

కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినీ "కందుకూరివారు" అని పిలవాల్సిన పని పడదు. అక్కడ అందరూ కందుకూరివారే కదా. ఆ ఊరు వదిలి మరో ఊళ్లో ఇల్లు కట్టుకున్నాకే ఆ మాట అవసరమవుతుంది. "రావిచెట్టు పక్కన కొత్తగా దిగారే, ఆ కందుకూరివారు" అని చేరిన ఊళ్లో నలుగురూ అంటారు. రెండు మూడు తరాలు గడిచేసరికి "వారు" రాలిపోయి "కందుకూరి" ఒక్కటే ఇంటిపేరై మిగులుతుంది.

అంటే, ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు మీ వాళ్లు తమకు తాము పెట్టుకున్నది కాదు, చేరిన చోటివాళ్లు పెట్టింది. అది చెప్పేది మీ వంశం పుట్టిన చోటు గురించి కాదు, ఒకానొక తరం వదిలిపెట్టిన ఊరి గురించి. ఈ తేడా గుర్తుంటే కింద చెప్పబోయే పద్ధతిలో సగం పని అయినట్టే. ఇంటిపేర్ల వెంటపడి దారి తప్పేవాళ్లలో చాలామంది తప్పేది ఇక్కడే.

ఇలాంటి గుర్తు అవసరం ఎందుకు పడింది? తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో నాలుగైదు పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. ఒకే వీధిలో ముగ్గురు సుబ్బయ్యలు, ఇద్దరు వెంకటరామయ్యలు ఉంటే ఎవరి పొలం, ఎవరి శిస్తు, ఎవరి సాక్ష్యం అన్నది తేలదు. స్థానికులను విడదీయడానికి ఇంటి ముందున్న చెట్టో, చేసే పనో, తాత పేరో సరిపోతుంది. వలస వచ్చినవాడికి అన్నిటికన్నా సులువైన గుర్తు వచ్చిన ఊరే. వలసలకు కారణాలూ తక్కువేం కావు: కరణీకం దొరకడం, రాజు దానమిచ్చిన అగ్రహారంలో వాటా రావడం, సైన్యం వెంట నడవడం, కరువు, పిల్లనిచ్చిన ఊళ్లో స్థిరపడటం. రాజరాజనరేంద్రుడు 1053లో నారాయణభట్టుకు నందంపూడిని దానమిచ్చాడని నందంపూడి శాసనం చెబుతుంది. అలాంటి దానం ఒక్కటి చాలు, ఒక కుటుంబం పాత ఊరిని పేరులో మోసుకుని కొత్త ఊరికి చేరడానికి.

ఇక చదవడం మొదలుపెడదాం.

ముందు తెలుగు లిపిలో, పూర్తిగా రాయండి

ఆధార్ కార్డులోనో పాస్‌పోర్టులోనో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగుతో ఈ పని మొదలుపెట్టకండి. ఆ అక్షరాల్లో ల, ళ ఒకటైపోతాయి. న, ణ ఒకటైపోతాయి. ట, త కూడా చాలాసార్లు కలిసిపోతాయి. ఊరిపేరు పట్టుకోవడానికి మనకు కావలసింది సరిగ్గా ఆ ట, తలే. ఎందుకో కొంచెం ముందుకు వెళ్తే తెలుస్తుంది. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లలో అందరికన్నా పెద్దవారి చేత పలికించి, విన్నది విన్నట్టు రాసుకోండి. పాత పెళ్లి శుభలేఖ, పొలం దస్తావేజు, తాతగారి బడి సర్టిఫికెట్ తెలుగులో ఉంటే ఇంకా మేలు. పేరు ముందు ఒక్క పొడి అక్షరం మాత్రమే ఉంటే అది ఇంటిపేరే అని కూడా అనుకోవద్దు. తమిళనాడు వైపు చదువుకున్నవాళ్ల కాగితాల్లో ఆ అక్షరం తండ్రి పేరుది కావచ్చు.

అసలు అది ఊరేనా?

ఇంటిపేర్లన్నీ ఊళ్ల నుంచి రాలేదు. గుర్రం, కత్తి వంటివి వస్తువులో జంతువులో. సోమయాజుల, ద్వివేదుల, అవధానుల వంటివి యజ్ఞం చేసినందుకో చదువుకో వచ్చిన గౌరవాలు. కాశీనాథుని అన్నది ఒక పూర్వీకుడి పేరు. చివర "నేని" ఉంటే అది కూడా మనిషి జాడే. నాయుడు, నాయని, నేని అని అరిగిన మాట అది.

చివరి అక్షరం చూసి తొందరపడితే మోసపోతాం. "సోమయాజుల"లోనూ "మాచర్ల"లోనూ చివర "ల"నే ఉంది. మొదటిది సోమయాజులు అనే బహువచనానికి షష్ఠి, అంటే సోమయాజులకు చెందిన ఇల్లు అని అర్థం. రెండోది పల్నాడులో ఉన్న ఊరు. కాబట్టి చివరి అక్షరాన్ని పక్కన పెట్టి, మిగిలిన భాగం మనిషిని చెబుతోందా నేలను చెబుతోందా అని చూడండి. నేలను చెప్పేవి మీకు తెలిసిన మాటలే: ఊరు, పల్లె, పాడు, పూడి, వాడ, కోట, కొండ, కొలను, కుదురు, వరం, పురం. ఇంటిపేరు "కొండ" అని ఒంటరిగా ఉంటే ఊరు కాకపోవచ్చు, ఇంటి వెనక కొండే కావచ్చు. "కొండపల్లి" అంటే మాత్రం ఊరే.

చివరను వెనక్కి తిప్పండి

అసలు కిటుకు ఇక్కడుంది. బడిలో "ఇ, టి, తి ఔపవిభక్తికాలు" అని వల్లెవేసిన రోజులు గుర్తున్నాయా? కాలు కాలి అవుతుంది, నాడు నాటి అవుతుంది, గోయి గోతి అవుతుంది. ఒక మాటకు మరో మాట చేరి "దానికి చెందిన" అనే అర్థం రావాలంటే తెలుగు ఈ పని చేస్తుంది. ఇంటిపేరు కూడా "ఫలానా ఊరికి చెందిన" అనే కదా చెప్పేది. అందుకే ఊరిపేరు ఇంటిపేరుగా మారేటప్పుడు ఈ మూడు అక్షరాల్లో ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. మీరు చేయాల్సిందల్లా దాన్ని తీసేసి పాత చివరను తిరిగి పెట్టడం.

"ఇ" అన్నిటికన్నా తేలిక. ఊరు ఊరి అవుతుంది కాబట్టి కందుకూరి అంటే కందుకూరు, టంగుటూరి అంటే టంగుటూరు, వేమూరి అంటే వేమూరు. "ఊరి"తో ముగిసే ఇంటిపేరు కనబడితే కళ్లు మూసుకుని "ఊరు" చేసి చూడండి, చాలావరకు తప్పు పోదు.

"టి" దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అది మూడు రకాల ఊళ్లను దాచిపెడుతుంది. నాడు నాటి అయినట్టు పాడు పాటి అవుతుంది: ఉప్పలపాడు నుంచి ఉప్పలపాటి, గుడిపాడు నుంచి గుడిపాటి. "పా" కాస్తా "బా" అయినా సూత్రం అదే. దగ్గుబాడు నుంచి దగ్గుబాటి. ఇల్లు ఇంటి అయినట్టు కల్లు కంటి అవుతుంది. ఓరుగల్లు నుంచి వచ్చినవారు ఓరుగంటివారు అయ్యింది ఇలాగే. ఈ పేరులో "కన్ను" ఉందని కథ అల్లేవాళ్లను నేను చూశాను. అక్కడున్నది కన్ను కాదు, రాయి అనే అర్థమున్న పాత మాట కల్లు. ఇక మూడోది నుదురు నుదుటి అయినట్టు కుదురు కుదుటి అవడం. నడకుదురు నుంచి నడకుదుటి, నోట్లో నలిగి నడకుదిటి.

"తి" అరుదు, కానీ తెలిస్తే ముచ్చటగా ఉంటుంది. పర్రు పర్తి అవుతుంది, మర్రు మర్తి అవుతుంది. గోదావరి జిల్లాల్లో కాకరపర్రు అనే ఊరుంది. ఆ ఊరిపేరుతో ఉన్న ఇంటిపేరు కాకరపర్తి. పెనుమర్రు నుంచి పెనుమర్తి. ఇప్పటి మాటల్లో ఈ మార్పు మనం చేయం, "పర్తి పొలం" అని ఎవరూ అనరు. అందుకే ఇలాంటి ఇంటిపేర్లవాళ్లకు తమ ఊరు కళ్లెదుటే ఉన్నా కనబడదు. మ్యాపులో "కాకరపర్తి" అని వెతికి, దొరక్క, ఊరు గోదాట్లో కలిసిపోయిందేమో అనుకుంటారు.

అయితే ఇక్కడో గోతి ఉంది. పర్తి అని కనబడిన ప్రతిదాన్నీ పర్రు చేయకూడదు. వనపర్తి, పుట్టపర్తి ఊళ్లే. పి.వి. నరసింహారావు గారి ఇంటిపేరు పాములపర్తి. సిద్దిపేట జిల్లాలో సరిగ్గా ఆ పేరుతోనే ఊరు ఉంది. కాబట్టి రెండు రూపాలనూ రాసుకుని, ఉన్నదున్నట్టుగా ముందు వెతికి, దొరక్కపోతేనే వెనక్కి తిప్పండి.

సున్నాతో ముగిసే ఊళ్ల సంగతి వేరు. బెల్లం బెల్లపు అయినట్టు వరం వరపు అవుతుంది, రాయవరం నుంచి రాయవరపు వస్తుంది. ఇది కూడా అన్ని చోట్లా జరగదు. సురవరం ప్రతాపరెడ్డి గారి ఇంటిపేరులో వరం వరంగానే ఉంది. ఇక పల్లి, పూడి, కోట, కొండ, వాడ ఉన్న పేర్లు మారకుండా నిలబడతాయి. సర్వేపల్లి, దుగ్గిరాల, గురజాడ అలాంటివే. ఊరిపేరు, ఇంటిపేరు ఒకటే.

ఆ పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో లెక్క తీయండి

ఊరిపేరు దొరికిందని ఇక్కడితో ఆగిపోతే పొరపాటు. ఒకే పేరుతో ఒకటికి మించి ఊళ్లు ఉండటం తెలుగునాట మామూలే. 2011 జనగణన వాళ్ల జిల్లా గ్రామాల జాబితాలో మండలాల వారీగా ఊళ్లన్నీ ఉంటాయి. అందులో మీ ఊరిపేరు ఎక్కడెక్కడ ఉందో అన్నీ రాసుకోండి, మీకు నచ్చినది ఒక్కటే కాదు. పేరుకు ముందు పెద, చిన ఉన్నవీ, వెనక అగ్రహారం, ఖండ్రిక ఉన్నవీ కూడా రాసుకోవాలి. గురజాడ అప్పారావు గారు పుట్టిన రాయవరాన్ని మిగతా రాయవరాల నుంచి విడదీయడానికి సర్వసిద్ధి రాయవరం అంటారు. ఇంటిపేరులోకి వెళ్లేటప్పుడు మాత్రం ఇలాంటి ముందుమాటలు రాలిపోతాయి. రాయవరపువారు ఏ రాయవరం నుంచి వచ్చారో ఆ పేరు ఒక్కటే చెప్పలేదు.

నడకుదురే తీసుకోండి. కృష్ణా జిల్లా చల్లపల్లి దగ్గర ఒకటి ఉంది. కాకినాడ వైపు కరప దగ్గర ఇంకొకటి ఉంది. నడకుదిటివారి ముందు రెండు ఊళ్లు నిలబడ్డాయన్నమాట. కొత్తపల్లివారి సంగతి చెప్పనే అక్కర్లేదు. జిల్లాకు అన్నేసి కొత్తపల్లులు ఉంటే ఒట్టి ఇంటిపేరుతో ఊరు తేలడం అయ్యేపని కాదు. అలాంటివాళ్లు నేరుగా తరవాతి మెట్టుకు వెళ్లిపోవచ్చు.

జిల్లా పేరును నమ్ముకోకండి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, తరవాత కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది, 2022 పునర్విభజనలో మళ్లీ నెల్లూరులో కలిపారు. తాతగారు "మాది నెల్లూరు జిల్లా" అన్నా, నాన్నగారు "ప్రకాశం" అన్నా ఇద్దరూ ఒకే ఊరి గురించే చెబుతుండవచ్చు.

ఏ ఊరో తేల్చే ఆనవాళ్లు

ఇక్కడ కాగితాల కన్నా ఇంట్లో అలవాట్లు ఎక్కువ చెబుతాయి. పెద్దవాళ్లను "మన ఊరేది?" అని అడగకండి. వాళ్లు పుట్టిన ఊరు చెబుతారు. అడగాల్సిన ప్రశ్న ఇది: "మన ఇంట్లో పిల్లలకు పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించేవారు?" దగ్గర్లో ఎన్ని గుళ్లున్నా వాటిని దాటి, రెండు జిల్లాల అవతల ఏదో చిన్న గుడికి వెళ్లే ఆచారం ఉందంటే ఊరికే ఉండదు. ఇలవేల్పు ఎవరు, ఏ ఊరి అమ్మవారికి మొక్కు చెల్లిస్తారు అన్నది కూడా అంతే. ఊరు మారినా, భూములు అమ్ముకున్నా, దేవుణ్ణి అంత తొందరగా మార్చుకోరు.

రెండో ఆనవాలు శాఖ పేరు. వెలనాటి, వేగినాటి, ములికినాటి, పాకనాటి అని చెప్పుకునేవాళ్లున్నారు కదా. వీటిలోనూ ఆ "టి"నే ఉంది చూశారా? వెలనాడు, వేగినాడు, ములికినాడు, పాకనాడు అన్నవి పాతకాలపు సీమల పేర్లు. పాకనాడు నెల్లూరు వైపు, వెలనాడు గుంటూరు తీరం వైపు, ములికినాడు కడప వైపు, వేగినాడు వేంగి చుట్టుపక్కల. మీ జాబితాలో రెండు ఊళ్లుండి వాటిలో ఒకటి మీ శాఖ సీమలో పడితే తూకం అటు మొగ్గుతుంది. మొగ్గుతుందనే అంటున్నాను; శాఖ పేరు ఇంటిపేరు కన్నా పాత వలసను చెబుతుంది కాబట్టి రెండూ కలవాలనే నియమం లేదు.

మూడోది గోత్రం. ఒకే కులంలో, ఒకే ఇంటిపేరుతో రెండు గోత్రాలవాళ్లు కనబడితే వాళ్లు ఒక్క మూలపురుషుడి సంతానం కాదని, ఒకే ఊరి నుంచి వేర్వేరుగా బయల్దేరిన రెండు ఇళ్లవాళ్లనీ, లేదా ఒకే పేరున్న రెండు ఊళ్లవాళ్లనీ అనుకోవాలి. నడకుదిటివారిలో అలా రెండు గోత్రాలు దొరికితే, కృష్ణా ఊరినీ కరప ఊరినీ వేర్వేరుగా పరీక్షించాల్సిందే.

ఒక పేరును మొదటి నుంచీ చివరిదాకా

కందుకూరి వీరేశలింగం గారినే తీసుకుందాం. ఆయన పుట్టింది 1848లో, రాజమండ్రిలో. ఇంటిపేరు తెలుగులో రాస్తే కందుకూరి. చివర "ఊరి" కాబట్టి వెనక్కి తిప్పితే కందుకూరు. ఇందాకటి పరీక్ష ప్రకారం ఇది ఊరే, మనిషి కాదు.

జాబితా తీస్తే రెండు కందుకూరులు పెద్దవిగా ముందుకొస్తాయి. ఒకటి ఒంగోలుకు దక్షిణాన ఉన్న పట్టణం. రెండోది హైదరాబాదుకు దక్షిణాన రంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఏది? ఆ కుటుంబం నియోగులది. కరణీకాలు, కచేరీ ఉద్యోగాలు చేస్తూ తీరం వెంబడి జిల్లాలు మారిన ఇళ్లు ఆ శాఖలో ఎన్నో ఉన్నాయి. రాజమండ్రి నుంచి తీరం వెంట కిందికి వస్తే గోదావరి, కృష్ణ దాటి ఒంగోలు, ఆ తరవాత కందుకూరు. రంగారెడ్డి కందుకూరు వేరే రాజ్యంలో, వేరే దారిలో ఉంది. ఇదంతా ఊహే అనుకున్నా, చివరి మాట కుటుంబ జ్ఞాపకానిది. వీరేశలింగం గారి పూర్వీకులు ఒంగోలు దిగువనున్న కందుకూరు నుంచి వలస వచ్చారనే ప్రసిద్ధి. పేరు, దారి, జ్ఞాపకం మూడూ ఒక్కచోట కలిశాయి. ఇలా కనీసం మూడు కలిస్తే నేను ఊరు దొరికినట్టే లెక్కవేస్తాను. రెండే కలిస్తే పెన్సిలుతో రాసుకుంటాను.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. కందుకూరు నుంచి రాజమండ్రి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. టంగుటూరి ప్రకాశం గారిది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. ఆయన 1872లో పుట్టిన వినోదరాయునిపాలెం, ఇంటిపేరులో ఉన్న టంగుటూరు రెండూ ఒంగోలు చుట్టుపక్కలవే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది మరో తీరు: ఊరు నెల్లూరు జిల్లాలో, ఆయన 1888లో పుట్టింది తిరుత్తణిలో, మధ్యలో భాషే మారిపోయింది. దూరాన్ని బట్టి ఊరు సరైనదా కాదా అని తేల్చకూడదన్నమాట. పక్క ఊరికి మారినా పేరు పడుతుంది, భాష మారేంత దూరం పోయినా అదే పేరు వెంట వస్తుంది.

కాగితాల్లో ఎక్కడ చూడాలి

కోస్తా, రాయలసీమ జిల్లాలవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ ఏర్పడ్డాక, ఊరూరా ఇనాం భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో, మొదట ఎవరికి ఇచ్చారో విచారించి రాశారు. మీ పూర్వీకులకు చేరిన ఊళ్లో ఇనాం ఉండి ఉంటే అక్కడి రిజిస్టర్లో ఇంటిపేరు కనబడే అవకాశం ఉంది. వదిలిన ఊరి రిజిస్టర్లో వెతికితే దొరకదు. తెలంగాణవాళ్లకు సేత్వార్ అనే పాత భూమి సర్వే రికార్డు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఆ పని చేస్తాయి, కానీ అవి అంత వెనక్కి వెళ్లవు.

ఇంకా వెనక్కి పోవాలంటే కైఫీయతులున్నాయి. కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరా పంపి కరణాల దగ్గర రాయించుకున్న గ్రామ చరిత్రలివి. ఫలానా ఊరి కరణీకం మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఏ ఇంటిపేరువారికి, ఏ గోత్రంవారికి వచ్చిందో చాలా కైఫీయతుల్లో ఉంటుంది. ఇంటిపేరు, గోత్రం, చేరిన ఊరు మూడూ ఒక్క వాక్యంలో దొరికే చోటు ఇంతకన్నా లేదు. అయితే అందులోని పాత రాజుల సంవత్సరాలను మాత్రం కళ్లకద్దుకోకండి. అవి ఊళ్లో చెప్పుకున్న మాటలే. గయ, కాశీల్లో పండాలు యాత్రికుల వివరాలు రాసుకునే వహీలు కూడా ఊరి వారీగా ఉంటాయి. ఎవరైనా తాతముత్తాతలు శ్రాద్ధం పెట్టడానికి వెళ్లి ఉంటే అక్కడ రాయించిన ఊరిపేరు చూడండి. అది పుట్టిన ఊరా ఇంటిపేరు ఊరా అన్నది మళ్లీ తేల్చుకోవాలి.

తప్పు పోయేది ఎక్కడ

ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలు కారు. ఒక ఊరి నుంచి బ్రాహ్మణులూ బయల్దేరతారు, రెడ్లూ బయల్దేరతారు, కంసాలులూ బయల్దేరతారు. అందరికీ చేరిన చోట ఆ ఊరిపేరే పడుతుంది. చరిత్రలో దీనికి పెద్ద సాక్ష్యం రేచర్ల. 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు రెడ్డి వంశంవాడు. ఆ తరవాత రాచకొండ ఏలిన రేచర్లవారు పద్మనాయకులు. పేరు ఒకటే, వంశాలు వేరు.

దత్తత ఇంకో చిక్కు. దత్తు వెళ్లిన పిల్లవాడికి ఇంటిపేరు, గోత్రం రెండూ మారిపోతాయి. మూడు తరాల వెనక ఒక దత్తత ఉందని తెలియకపోతే మీరు వెతుకుతున్న ఊరు మీ రక్తానిది కాదు, దత్తు తీసుకున్నవారిది. ఇల్లరికం వచ్చిన చోట్ల కూడా ఇలాంటి తారుమారు జరిగే వీలుంది. వంశవృక్షం గీస్తున్నప్పుడు పొలం ఒక వైపు నుంచి, ఇంటిపేరు మరో వైపు నుంచి వస్తున్నట్టు అనిపిస్తే అక్కడ ఆగి అడగండి.

బాణం తిరగబడే సందర్భమూ ఉంది. ఫలానావారిపాలెం అనే ఊళ్లు గుంటూరు, ప్రకాశం వైపు కొల్లలు. వాటిలో ఇంటిపేరు నుంచి ఊరు పుట్టింది, ఊరి నుంచి ఇంటిపేరు కాదు. ఊరిపేరు మధ్యలో "వారి" ఉంటే ఆ ఊరు మీవాళ్లు వదిలిందని కాదు, చేరిందని చదవాలి. అది కూడా ఎంతో విలువైన ఆనవాలే. ఒక కుటుంబం ఊరు కట్టేంతగా పెరిగిన చోటది.

పక్క భాషలవాళ్ల పేర్లకూ ఇదే చూపు పనికొస్తుంది, కాకపోతే వాళ్ల తోక వేరు. మరాఠీ, కొంకణిలో ఊరికి "కర్" చేరుస్తారు. గోవాలోని మంగేశి నుంచి మంగేష్కర్. దీనానాథ్ మంగేష్కర్ ఆ పేరును తానే ఎంచుకున్నారు, అంతకుముందు వాళ్లది హర్డీకర్. అంబేడ్కర్ గారి కుటుంబం ఇంటిపేరు సక్పాల్. అంబేడ్కర్ అన్నది రత్నగిరి వైపున్న అంబడవె అనే పూర్వీకుల ఊరి నుంచి బడి కాగితాల్లోకి వచ్చిన పేరు. పంజాబులో అహ్లూ అనే ఊరి నుంచి అహ్లూవాలియా, మజీఠా నుంచి మజీఠియా. తమిళనాడులో సంగీత విద్వాంసుల పేర్ల ముందు సెమ్మంగుడి వంటి ఊరుంటుంది కానీ అది ఎక్కువగా ఆ మనిషికే గానీ మనవళ్లకు అంటిపెట్టుకునేది కాదు. కేరళలో చాలామందికి ఊరు కాదు, తరవాడు అనే ఇల్లే పేరు. సింధీల "ఆనీ" ఊరు అనుకుంటారు చాలామంది; అది పూర్వీకుడి పేరుకు చేరిన తోక.

ఊరికి వెళ్లినప్పుడు

ఊరు తేలింది, బస్సెక్కి వెళ్లారు అనుకుందాం. అక్కడ దిగి "ఇక్కడ కందుకూరివారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే జనం మీ మొహం వింతగా చూస్తారు. మీ ఇంటిపేరువాళ్లు ఒక్కరూ లేరని నిరాశపడి, ఊరు తప్పు అనుకుని వెనక్కి రాకండి. ఉండిపోయినవాళ్లకు ఆ పేరు పడే వీలే లేదు. మీవాళ్ల అన్నదమ్ములు అక్కడే మిగిలి ఉంటే వాళ్ల ఇంటిపేరు వేరే ఏదో అయి ఉంటుంది.

కాబట్టి గుడి దగ్గరికి వెళ్లి, మీ గోత్రం చెప్పి, ఆ గోత్రంవాళ్లు ఊళ్లో ఎవరున్నారో పూజారిని అడగండి. మీ ఇంట్లో పుట్టువెంట్రుకలు తీయించే దేవుడు ఇక్కడివాడేనా అని చూడండి. "మా వాళ్లు చాలాకాలం కిందట ఇక్కణ్ణించి గోదావరి వైపు వెళ్లిపోయారట" అని ఊళ్లోకెల్లా పెద్దాయన దగ్గర అని, ఇక మాట్లాడకుండా కూర్చోండి.